ఇంటర్నల్ మార్కుల బ్రేకప్ అడుగుతూ సార్‌కి మెయిల్: ముందు నువ్వు వేసుకోవాల్సిన లెక్క, తర్వాత రాయాల్సిన నాలుగు ముక్కలు

ప్రశ్న: అన్నా, అక్కా, మాది అనంతపురం, బీటెక్ సెకండ్ ఇయర్ ఈసీఈ, జేఎన్టీయూఏ కింద కాలేజీ, ఆర్23 రెగ్యులేషన్. ఒక సబ్జెక్ట్‌లో మిడ్-1 పేపర్ మీద 30కి 20 వేసినారు, బిట్ పేపర్ 5. మిడ్-2లో 24, బిట్స్ 8. అసైన్‌మెంట్లు రెండూ ఇచ్చినా. పోర్టల్‌లో ఇంటర్నల్ 20 అని చూపిస్తాంది, ఎట్లొచ్చిందో అర్థం కాలేదు. సార్‌కి మెయిల్ పెట్టి బ్రేకప్ అడగాల, ఏ గ్రేడ్ రావాలంటే ఫైనల్‌లో ఎంత రావాలో కూడా అడగాల. సార్‌కి కోపమొస్తుందేమో అని భయం. ఎట్ల రాయాల?

సమాధానం:

తమ్ముడూ, నేను కడప పక్క ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తా, ఇంటర్నల్ మార్కుల షీట్లు చాలా ఏళ్లుగా నా చేతిమీదుగానే పోతున్నాయి, కాబట్టి అవతల కూర్చుని ఈ మెయిల్స్ చదివేదాన్నే నేను. బ్రేకప్ అడిగితే ఎవరికీ కోపం రాదు. విసుగొచ్చేది "సార్ నాకు మార్కులు తక్కువొచ్చినాయి ప్లీజ్ చూడండి" అని ఒక్క లైన్ రాసి, రోల్ నంబర్ లేకుండా, ఏ సబ్జెక్టో చెప్పకుండా పంపితే. అప్పుడు ఆ పిల్లోడు ఎవరు, ఏ సెక్షన్, ఏం తక్కువొచ్చింది అని మేమే వెతుక్కోవాల, ఆ వెతకడం రేపటికి పోతుంది, రేపు ఎల్లుండికి పోతుంది, అంతలో మార్కులు యూనివర్సిటీకి అప్‌లోడ్ అయిపోతాయి. అందుకే మెయిల్ రాయకముందు ఒక పావుగంట లెక్క వేసుకో. ఆ లెక్క ఉంటే మెయిల్ దానంతట అదే వచ్చేస్తుంది.

నీ మిడ్ పేపర్ మీద ఉన్న 20, 24 అనేవి 30కి వేసిన మార్కులు, అవి 15కి తగ్గుతాయి. అంటే మిడ్-1లో 10, మిడ్-2లో 12. దానికి బిట్ పేపర్ 10కి, అసైన్‌మెంట్ 5కి కలుస్తాయి, మొత్తం 30. రెండు అసైన్‌మెంట్లకీ పూర్తిగా 5 వేసినారనుకుంటే మిడ్-1 వచ్చేసి 10+5+5 = 20, మిడ్-2 వచ్చేసి 12+8+5 = 25. ఇప్పుడు ఈ రెండింటినీ సగం సగం కలపరు, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఏ మిడ్‌లో బాగా వచ్చిందో దానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం. అంటే నీ లెక్క ఇట్లా:

```
0.8 × 25 + 0.2 × 20 = 20 + 4 = 24
```

24 రావాల్సినచోట 20 చూపిస్తోంది, నాలుగు తేడా. ఈ నాలుగు అనే అంకెని కొంచెం గమనించు, తప్పు ఎక్కడుందో అదే చాలావరకు చెప్తుంది. నీ మిడ్-2లో అసైన్‌మెంట్ 5 ఎక్కకపోతే మిడ్-2 మొత్తం 20కి పడిపోతుంది, అప్పుడు 0.8 × 20 + 0.2 × 20 అంటే సరిగ్గా 20. బాగా వచ్చిన మిడ్‌లో 5 పోతే ఫైనల్ ఇంటర్నల్‌లో 4 పోతాయి. అదే తక్కువొచ్చిన మిడ్‌లో అసైన్‌మెంట్ పోయుంటే ఒక్క మార్కే తగ్గి 23 చూపించేది. మిడ్-2 మొత్తం ఎక్కించకుండా వదిలేసి ఉంటే 16 వచ్చేది. 80ని మిడ్-1కీ 20ని మిడ్-2కీ తారుమారుగా వేసుంటే 21 వచ్చేది. మామూలుగా సగటు తీసేసి ఉంటే 22.5. నీకొచ్చింది వీటిలో ఏదీ కాదు, 20, కాబట్టి రెండో అసైన్‌మెంట్ మీదే నాకు ఎక్కువ అనుమానం. కానీ ఇంకో దారిలో కూడా 20 వస్తుంది, మిడ్-1 మార్కులే మిడ్-2 కాలమ్‌లో కూడా పడితే. అందుకే మెయిల్‌లో "మీరు నా అసైన్‌మెంట్ ఎక్కించలేదు" అని తీర్పు చెప్పొద్దు, మిడ్-2లో మూడు ముక్కలు విడివిడిగా ఎంతెంత పడినాయో అడుగు, అదే బ్రేకప్ అంటే.

అసైన్‌మెంట్ ఎందుకు పోతుందంటే, చివరి రోజు ఇచ్చినవి, ఒకరి చేత పంపించినవి వేరే కట్టలో ఉండిపోతాయి, షీట్‌లో మార్కులు కొట్టేటప్పుడు ఆ కట్ట స్టాఫ్ రూమ్ బీరువాలోనే ఉంటుంది. ఇంకొకటి, ఇది బయటి వాళ్లకి తెలీదు, సెకండ్ ఇయర్‌లో డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లు చేరతారు కదా, వాళ్ల రోల్ నంబర్లలో 1A బదులు 5A ఉంటుంది, ఆ పేర్లు షీట్‌లో కలిపేటప్పుడు మధ్యలో ఒక వరస జరిగితే అక్కడినుంచి కింద అందరి మార్కులూ ఒకరివి ఒకరికి పడతాయి. అట్లా జరిగిందో లేదో నువ్వే చూసుకోవచ్చు, నీ ముందు నంబర్ వాడినీ వెనక నంబర్ వాడినీ వాళ్ల మార్కులు కూడా లెక్కకి సరిపోతున్నాయా అని అడుగు. వాళ్లవి కూడా తేడా ఉంటే ఇది నీ ఒక్కడి సమస్య కాదు, క్లాస్ రెప్రజెంటేటివ్‌ని తీసుకుని నేరుగా సార్ దగ్గరికే పోండి, మెయిల్ అవసరం లేదు.

ఇక మెయిల్. రాయకముందు రెండు ఫోటోలు తీసి పెట్టుకో. ఒకటి నీ మిడ్-2 ఆన్సర్ బుక్‌లెట్ మొదటి పేజీ, ఎర్ర పెన్నుతో ప్రశ్నవారీగా మార్కులు వేసిన గడులు, కింద మొత్తం 24, దాని పక్కన సార్ సంతకం, ఇవన్నీ ఫోటోలో కనపడాల. బుక్‌లెట్ నీ దగ్గర లేకపోతే, చూపించి వెనక్కి తీసుకుని ఉంటే, పర్వాలేదు, ఆ మాటే రాయి. రెండోది అసైన్‌మెంట్ ఇచ్చినట్టు ఏదైనా ఆధారం, క్లాస్‌రూమ్‌లో అప్‌లోడ్ చేసుంటే ఆ స్క్రీన్, పేపర్ మీద ఇచ్చుంటే ఏ రోజు ఎవరికి ఇచ్చినావో. కాలేజీ మెయిల్ ఐడీ నుంచే పంపు. సొంత ఐడీల్లో పేరు బదులు ఏదో హీరో పేరు ఉంటుంది, అది ఎవరిదో మాకు తెలీదు, తెలియని ఐడీకి ఒక విద్యార్థి మార్కులు పంపడం మాక్కూడా కుదరదు.

మీ సార్ ఇంగ్లీష్ మెయిల్స్‌కి అలవాటైతే ఇదే వరసలో ఇంగ్లీష్‌లో రాసుకో, నేను మాత్రం వరస అర్థమయ్యేలా తెలుగులోనే ఇస్తున్నా:

సబ్జెక్ట్ లైన్: (సబ్జెక్ట్ పేరు), రోల్ నంబర్ (నీది), ఇంటర్నల్ బ్రేకప్ కోసం

నమస్తే సార్,

నేను సెకండ్ ఇయర్ ఈసీఈ, సెక్షన్ (నీది), రోల్ నంబర్ (నీది). మీ సబ్జెక్ట్‌లో నాకు పోర్టల్‌లో ఇంటర్నల్ 20 అని ఉంది సార్. నాకు తెలిసిన మార్కులతో వేసుకుంటే 24 వస్తోంది.

మిడ్-1: పేపర్ 20 (15కి 10), బిట్స్ 5, అసైన్‌మెంట్ 5 అనుకుంటే మొత్తం 20.
మిడ్-2: పేపర్ 24 (15కి 12), బిట్స్ 8, అసైన్‌మెంట్ 5 అనుకుంటే మొత్తం 25.
80, 20 శాతాల లెక్కన 20 + 4 = 24.

అసైన్‌మెంట్ మార్కులు నాకు తెలీదు సార్, 5 అని నేను అనుకున్నదే. మిడ్-2లో నాకు పేపర్, బిట్స్, అసైన్‌మెంట్ విడివిడిగా ఎంతెంత పడినాయో చెప్తారా? రెండో అసైన్‌మెంట్ (తేదీ) నాడు ఇచ్చినాను, దాని ఫోటో, మిడ్-2 మొదటి పేజీ ఫోటో జతచేసినా.

నా లెక్కే తప్పైతే ఎక్కడ తప్పో చెప్పండి సార్, దిద్దుకుంటా. మీరు ఖాళీగా ఉండే టైమ్ చెప్తే డిపార్ట్‌మెంట్‌కి వచ్చి కలుస్తా.

(పేరు, ఫోన్ నంబర్)

అంతే. ఇందులో మీ సార్ చేయాల్సింది షీట్ తెరిచి ఒక వరస చూసి మూడు అంకెలు కొట్టడం, రెండు నిమిషాల పని, అందుకే జవాబు వస్తుంది. "అనుకుంటే" అన్న మాట తీసేయొద్దు, ఎందుకంటే నీకు అసైన్‌మెంట్‌కి ఎంత వేసినారో నిజంగానే తెలీదు, 3 వేసుంటే నీ లెక్కే మారిపోతుంది. హెచ్‌ఓడీని మొదటి మెయిల్‌లోనే కాపీలో పెట్టొద్దు, అది ఫిర్యాదు లాగా కనపడుతుంది, చిన్న టైపింగ్ తప్పుకి మీ సార్ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో అడగడం అంతకన్నా వద్దు.

ఫైనల్‌లో ఎంత రావాల అన్న ప్రశ్న ఈ మెయిల్‌లో నేను కావాలనే పెట్టలేదు, గమనించినావా. అది సార్‌ని అడిగేది కాదు, నువ్వు వేసుకునేది. మన దగ్గర గ్రేడ్ అనేది క్లాసులో ఎవరికెంత వచ్చిందన్న దాన్ని బట్టి మారదు, మొత్తం నూటికి 90 నుంచి ఎస్, 80 నుంచి ఏ, 70 నుంచి బీ, 60 నుంచి సీ, 50 నుంచి డీ, 40 నుంచి ఈ. కావాల్సిన గ్రేడ్ గీతలోంచి నీ ఇంటర్నల్ తీసేస్తే మిగిలేది 70కి నువ్వు తెచ్చుకోవాల్సింది. దీంతోపాటు ఇంకో షరతు ఉంది, ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం రావాల, అంటే 70లో 24.5, లెక్కకి 25.

ఇక్కడే ఒక సంగతి ఉంది, నీ ఇంటర్నల్ 24 అయినా 20 అయినా పాస్ అవడానికి కావాల్సింది మారదు. 40లోంచి 24 తీసేస్తే 16, 20 తీసేస్తే 20, కానీ ఎట్లైనా 25 రావాల్సిందే కాబట్టి రెండు సందర్భాల్లోనూ 25 తెచ్చుకుంటేనే గట్టెక్కుతావు. ఇంటర్నల్ 15 కన్నా తగ్గినవాళ్లకే పాస్ గీత పైకి పోతుంది, ఉదాహరణకి 11 వస్తే 29 తెచ్చుకోవాల. కాబట్టి "ఈ నాలుగు మార్కులు లేకపోతే ఫెయిల్ అవుతా సార్" అని మెయిల్‌లో రాయొద్దు, అది నిజం కాదు, లెక్క తెలిసిన సార్‌కి చూడగానే తెలిసిపోతుంది.

ఆ నాలుగు పనికొచ్చేది పై గ్రేడ్లకి. బీ కావాలంటే 24తో 46 చాలు, 20తో 50 కావాల. ఏ కావాలంటే 56, లేదా 60. ఎస్ అయితే 24తో 66, అదే 20తో 70కి 70 రావాల, అంటే ఆ దారి మూసుకుపోయినట్టే. పేపర్ మీద చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆర్23 ఎండ్ ఎగ్జామ్‌లో పార్ట్ ఏ రెండు మార్కులవి పది, 20 మార్కులు, పార్ట్ బీ యూనిట్‌కి ఒకటి చొప్పున ఐదు పది మార్కులవి, 50. నీకు 56 కావాలంటే చిన్నవాటిలో 16, పెద్దవాటిలో ఒక్కోదానికి 8 చొప్పున 40. అదే 60 కావాలంటే చిన్నవాటిలో 18, పెద్దవాటిలో 42, అంటే పార్ట్ ఏలో ఒక్క ప్రశ్నకి మించి పోగొట్టుకోకూడదు, అక్కడ పోగొట్టుకుంటే పెద్ద ప్రశ్నల్లో తెచ్చుకోవాల, పెద్ద ప్రశ్నల్లో డెరివేషన్ అంతా రాసినా ఒక మార్కు తగ్గించడం మామూలే. మూడు క్రెడిట్ల సబ్జెక్ట్‌లో బీ బదులు ఏ వస్తే, సెమిస్టర్ మొత్తం 20 క్రెడిట్లు అనుకుంటే, ఎస్‌జీపీఏ 0.15 పెరుగుతుంది. ప్లేస్‌మెంట్ కటాఫ్ దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఇది అడగదగ్గ విషయమే.

మీది అటానమస్ కాలేజీ అయితే మాత్రం ఈ అంకెలు అట్లే వాడొద్దు, వాళ్ల రెగ్యులేషన్ వాళ్లదే, కొన్నిచోట్ల ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60 ఉంటుంది. కాలేజీ వెబ్‌సైట్‌లో అకడమిక్ రెగ్యులేషన్స్ పీడీఎఫ్ ఉంటుంది, అందులో ఎవాల్యుయేషన్ అన్న భాగం ఒక్కసారి చదువుకో, లెక్క పద్ధతి మాత్రం ఇదే.

పంపినాక రెండు పనిదినాలు చూడు. రాకపోతే మళ్లీ మెయిల్ పెట్టకుండా ఆ మెయిల్ ప్రింట్ తీసుకుని మధ్యాహ్నం ల్యాబ్ అయిపోయినాక డిపార్ట్‌మెంట్‌కి పో. "సార్, ఒక మెయిల్ పెట్టినా, మీరు బిజీగా ఉన్నారేమో అని వచ్చినా" అంటే చాలు. సార్ షీట్ తెరుస్తాడు, నీ వరస చూపిస్తాడు. ఖాళీగా ఉన్న గడి అయితే అప్పుడే నింపుతాడు. అక్కడ సున్నా ఉండి "నువ్వు లాస్ట్ డేట్ తర్వాత ఇచ్చినావు" అంటే అది మరిచిపోయింది కాదు, ఆయన నిర్ణయం. డేట్ నిజంగానే దాటిందో లేదో నీకే తెలుసు, దాటి ఉంటే బతిమాలొద్దు, ఇంటర్నల్ 20 అనుకుని 60 కోసం చదువు. దాటకపోతే అక్కడే ఫోటో చూపించు.

ఆలస్యం మాత్రం చేయొద్దు. మిడ్-2 మార్కులు నోటీస్ బోర్డులో పెట్టి పిల్లల చేత సంతకాలు పెట్టించుకునే రోజే అసలు రోజు. లిస్ట్‌లో నీ పేరు ఎదురుగా ఉన్న అంకె చూడకుండా సంతకం పెట్టొద్దు, తేడా ఉంటే సంతకం ఆపి ఆ రోజే మెయిల్ పంపు. ఆ లిస్ట్ ఎగ్జామ్ సెక్షన్‌కి పోయి యూనివర్సిటీకి ఎక్కినాక మీ సార్‌కి మార్చాలని ఉన్నా ఆయన చేతిలో ఉండదు, హెచ్‌ఓడీ రాయాల, ప్రిన్సిపాల్ పంపాల, ఆధారాలు జతచేయాల, పరీక్షలు దగ్గరపడినప్పుడు ఆ కాగితం కదలడం చాలా కష్టం. రిజల్ట్స్ వచ్చినాక చూసుకుందాం, రీకౌంటింగ్‌కో రీవాల్యుయేషన్‌కో పెడదాం అని కొందరు అనుకుంటారు, అవి రెండూ 70 మార్కుల పేపర్‌కే, ఫీజు కట్టినా నీ ఇంటర్నల్ గడిని అందులో ఎవరూ తెరిచి చూడరు. ఆ 70 పేపర్ బ్రేకప్ కూడా సార్‌ని అడగొద్దు, ఆ బుక్‌లెట్ ఎవరు దిద్దినారో ఆయనకీ తెలీదు.